జల్లెడ చిరిగిన రాత్రి ఏం రాయాలి?

మాత్రల ఫ్యాక్టరీలో జల్లెడ ఉంటుందని చాలామందికి తెలియదు. మనం మింగే చాలా మాత్రల్లో మందు కొంచెమే ఉంటుంది. మిగతాది లాక్టోజ్, స్టార్చ్, సెల్యులోజ్ లాంటి పొడులు. వీటన్నిటినీ కలిపే ముందు ఒక్కొక్కటిగా జల్లించాలి. ఉండలు విడిపోవాలి, గోనె పీచో దారమో పడి ఉంటే పైనే ఆగిపోవాలి. ఈ పని చేసే యంత్రాన్ని సిఫ్టర్ అంటారు. గుండ్రటి స్టీలు తొట్టి, మధ్యలో స్టీలు జల్లెడ, కింద మోటారు ఉంటాయి. మోటారు తిరిగితే జల్లెడ అదురుతుంది, పొడి కింది డ్రమ్ములోకి దిగుతుంది.

జీడిమెట్ల, పోలేపల్లి, పరవాడ, ఎక్కడి ఫార్మా ప్లాంట్‌లోనైనా ఈ జల్లెడకి ఒక నియమం ఉంటుంది. వాడే ముందు చూడాలి, వాడాక చూడాలి, రెండుసార్లూ రాసి సంతకం పెట్టాలి. ఒక రాత్రి వాడాక చూస్తే అది చిరిగి కనిపించిందనుకుందాం. అప్పుడు రాసే కాగితమే డీవియేషన్ రిపోర్ట్. రాసి ఉన్న పద్ధతికీ జరిగినదానికీ ఎక్కడ తేడా వచ్చినా ఆ తేడాని నమోదు చేసి, కారణం వెతికి, మళ్ళీ రాకుండా ఏం చేశారో చూపించే పత్రం అది. ప్లాంట్ భాషలో 'డీవియేషన్ పడింది' అంటే క్యూఏ వాళ్ళకి నిద్ర లేనట్టే.

కింద చెప్పే ఉదాహరణ ఏ ఒక్క కంపెనీదీ కాదు. ఇలాంటివి ఎలా జరుగుతాయో, ఎలా విచారించాలో చూపించడానికి నేను అల్లినది. అంకెలు కూడా అందుకోసం పెట్టుకున్నవే. ఈ రంగంలో పనిచేసినవాళ్ళకి మాత్రం ఇందులో ప్రతి మలుపూ తెలిసినదే అనిపిస్తుంది.

మందు ఒక బీపీ మాత్ర. బ్యాచ్ సైజు 280 కిలోలు. ఒక్కో మాత్ర 200 మిల్లీగ్రాములు కాబట్టి బ్యాచ్‌కి 14 లక్షల మాత్రలు. నైట్ షిఫ్టులో 11 గంటల 10 నిమిషాలకి జల్లించడం మొదలైంది. మొత్తం నాలుగు రకాల పొడులు. 1 గంట 35 నిమిషాలకి పని అయింది. ఆపరేటర్ జల్లెడ విప్పి ట్యూబ్‌లైటు వైపు ఎత్తి చూశాడు. అంచు దగ్గర ఒక సెంటీమీటరు పొడవున చిరుగు కనిపించింది.

ఆ నిమిషంలో అతని ముందు రెండు దారులున్నాయి. ఒకటి, జల్లెడని పక్కన పెట్టి, రికార్డులో 'బాగుంది' అని రాసి, పొద్దున చేతికి ఇంకో జల్లెడ తెచ్చుకోవడం. చిరిగినదాన్ని కడిగేటప్పుడు పాడైందని చెప్పినా ఎవరూ పట్టుబట్టరు. రెండోది, షిఫ్ట్ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళి "సార్, జల్లెడ చిరిగింది" అని చెప్పడం. అతను కాంట్రాక్టు మనిషైతే ఆ నాలుగు మాటలకి వచ్చే వారం గేట్‌పాస్ ఉంటుందో ఉండదో కూడా ఆలోచించుకోవాలి. డీవియేషన్ వ్యవస్థ మొత్తం ఇతను నోరు తెరవడం మీద ఆధారపడి ఉంది. క్యూఏ ఆఫీసులో ఎంత గొప్ప ఫారం ఉన్నా, ఇతను చెప్పకపోతే ఆ ఫారం ఖాళీ కాగితమే.

మన ఆపరేటర్ చెప్పాడు. ఇన్‌చార్జి "ఎట్ల చింపినవ్?" అనలేదు. "ఏదీ ముట్టుకోకు తమ్ముడూ, ఎట్లున్నది అట్లనే ఉండనీ" అన్నాడు. ఐపీక్యూఏ అమ్మాయిని పిలిచాడు. ప్రొడక్షన్ గదుల్లోనే ఉండి నాణ్యతని కనిపెట్టేవాళ్ళని ఐపీక్యూఏ అంటారు. ఆమె జల్లించిన డ్రమ్ములన్నిటికీ 'హోల్డ్' లేబుల్ అంటించింది. జల్లెడని ప్లాస్టిక్ సంచిలో పెట్టి సీలు వేసింది. సిఫ్టర్ లోపలి భాగాల్ని విప్పకముందే ఫోటో తీయించింది. యంత్రాన్ని అప్పుడే కడిగేసి ఉంటే రేపు విచారణకి ఏమీ మిగిలేది కాదు. శుభ్రంగా ఉంచాలన్న అలవాటు ఇలాంటి చోట సాక్ష్యాన్ని కడిగేస్తుంది. ఈ రంగంలో ఇది తరచుగా జరిగే నష్టం.

ఇక రిపోర్ట్ మొదటి పేజీ. ఇక్కడే చాలా రిపోర్టులు తప్పుదారి పడతాయి. 'ఆపరేటర్ అజాగ్రత్త వల్ల జల్లెడ చిరిగినట్టు గమనించబడింది' అని రాస్తే విచారణ మొదలుకాకముందే తీర్పు ఇచ్చేసినట్టే. మొదటి పేజీలో కారణం రాయకూడదు. ఏం కనిపించింది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి, ఎలా, ఉండాల్సింది ఏమిటి, ఉన్నది ఏమిటి అన్నవే రాయాలి. ఇలా: 'ఫలానా బ్యాచ్ జల్లింపు ముగిశాక 1.35కి 40 మెష్ జల్లెడ అంచు నుంచి 2 సెంటీమీటర్ల లోపల సుమారు 1 సెంటీమీటరు చిరుగు కనిపించింది. 11.10కి చేసిన తనిఖీలో జల్లెడ బాగున్నట్టు నమోదై ఉంది. మధ్యలో తనిఖీ లేదు. నాలుగు పొడులూ ఈ జల్లెడ ద్వారానే దిగాయి. ఇంకా కలపలేదు.' చివరి వాక్యం చిన్నదే. కానీ బ్యాచ్ తలరాత అందులోనే ఉంది. పొడులు ఇంకా విడివిడి డ్రమ్ముల్లో ఉన్నాయి, మిక్సర్‌లోకి వెళ్ళలేదు.

రిపోర్ట్ సాధారణంగా ఒక పనిదినం లోపలే నమోదవ్వాలని కంపెనీల సొంత పద్ధతుల్లో రాసుకుంటారు. నమోదైన వెంటనే క్యూఏ దాన్ని మైనర్, మేజర్, క్రిటికల్ అని మూడింటిలో ఒకదానిగా వర్గీకరిస్తుంది. మాత్రలోకి లోహం వెళ్ళే అవకాశం ఉంది కాబట్టి ఇది మైనర్ కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. తెగిన తీగ ముక్కలు ఎక్కడున్నాయి? దీనికి చిన్న లెక్క కావాలి. 40 మెష్ అంటే అంగుళానికి 40 రంధ్రాలు. అంగుళం 25.4 మిల్లీమీటర్లు కాబట్టి ఒక్కో గడికి 0.635 మిల్లీమీటర్లు. అందులో రంధ్రం సుమారు 0.425, మిగతా 0.21 తీగ మందం. ఒక సెంటీమీటరు చిరుగంటే ఇంచుమించు 16 తీగలు తెగినట్టు. భూతద్దం కింద పెట్టి ఒక్కో తీగనీ లెక్కించారు. 14 తీగల రెండు కొసలూ ఒకదానికొకటి సరిపోయాయి. అంటే అవి తెగాయి కానీ ఏమీ రాలలేదు. మిగిలిన రెండు తీగల్లో మాత్రం మధ్యలో మూడేసి మిల్లీమీటర్ల ముక్క లేదు.

'జల్లెడ చిరిగింది' అన్న స్థాయి నుంచి 'మూడు మిల్లీమీటర్ల తీగ ముక్కలు రెండు కనిపించడం లేదు' అన్న స్థాయికి రావడమే విచారణ. ఇక్కడి దాకా రాని రిపోర్టులో తర్వాత రాసే ప్రతి మాటా ఊహే.

ఈ దశలో మీటింగులో రెండు ఊరట మాటలు వినిపిస్తాయి. మొదటిది, "కొత్త జల్లెడ వేసి మళ్ళీ జల్లిస్తే సరి." వినడానికి బాగుంది. కానీ ముక్క పొడవు మూడు మిల్లీమీటర్లైనా మందం 0.21 మాత్రమే. రంధ్రం 0.425. సూది గుడ్డలో దూరినట్టు ఆ ముక్క నిలువుగా నిలబడితే మంచి జల్లెడలోంచి కూడా దిగిపోతుంది. జల్లెడ మీద దొరికితే దొరికినట్టే. దొరకకపోతే మాత్రం లేదని రుజువు కాదు. ఇంకా సన్న జల్లెడ వేద్దామంటే పొడే సరిగా దిగకపోవచ్చు. పైగా పద్ధతిలో లేని ఆ రెండో జల్లింపుకి క్యూఏ ముందస్తు అనుమతి కావాలి.

రెండో మాట, "తర్వాత మెటల్ డిటెక్టర్ ఉంది కదా, అదే పట్టేస్తుంది." మాత్రలు అచ్చయ్యాక ఒక్కొక్కటీ మెటల్ డిటెక్టర్ గుండా వెళ్ళే మాట నిజమే. ఆ యంత్రం పనిచేస్తోందో లేదో చూడటానికి చిన్న లోహపు గుండ్లు ఉన్న నమూనాలు వేసి పరీక్షిస్తారు. గుండు ఏ వైపు నుంచి చూసినా ఒకటే. తీగ అలా కాదు, డిటెక్టర్ గుండా ఏ దిశలో వెళ్తుందన్న దాన్ని బట్టి దొరకనూ వచ్చు, జారిపోనూ వచ్చు. దానికి తోడు ఫార్మా జల్లెడల్లో వాడే స్టెయిన్‌లెస్ స్టీలుని పట్టుకోవడం ఇనుముని పట్టుకున్నంత సులువు కాదు. అయస్కాంతానికి కూడా అది గట్టిగా అంటుకోదు. మెటల్ డిటెక్టర్ చివరి కాపలా. కాపలా ఉందని తలుపు తెరిచి పెట్టలేం. రిపోర్టులో 'మెటల్ డిటెక్టర్ ఉన్నందున ప్రభావం లేదు' అని రాస్తే, విషయం తెలిసిన ఇన్‌స్పెక్టర్ అడిగే మొదటి ప్రశ్న, "ఈ మందం తీగతో మీ డిటెక్టర్‌ని ఎప్పుడైనా పరీక్షించారా?"

డ్రమ్ములు నాలుగూ ట్రేల్లో పలచగా పరిచి వెతికారు. స్టార్చ్‌లో ఒక ముక్క దొరికింది. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే దాని కొసలు జల్లెడలోని ఒక తీగ కొసలకి సరిపోయాయి. రెండోది దొరకలేదు. ఒక ముక్క దొరికింది కదా అన్న సంతోషం ఇక్కడ పనికిరాదు. దొరకని ముక్కని బట్టే నిర్ణయం తీసుకోవాలి.

నిర్ణయం తర్వాత చెబుతాను. ముందు కారణం చూద్దాం. రూట్ కాజ్ అనాలిసిస్ అంటే అసలు కారణం వెతకడం. మన ప్లాంట్‌లలో ఇందుకు ఎక్కువగా వాడేవి రెండు పద్ధతులు. జపాన్ ఇంజినీరు కవోరు ఇషికావా పేరుమీద ఉన్న చేపముల్లు బొమ్మ ఒకటి. మనిషి, యంత్రం, సరుకు, పద్ధతి, కొలత, పరిసరం అని ఆరు ముళ్ళు గీసి, ఒక్కోదాని కింద వీలున్న కారణాలన్నీ రాస్తారు. రెండోది టొయోటా కంపెనీ నుంచి వచ్చిన 'ఐదు ఎందుకులు'. ఎందుకు అని అడిగి, వచ్చిన జవాబుని మళ్ళీ ఎందుకు అని అడుగుతూ పోవడం. ఈ రెండూ ఆలోచనని దారిలో పెట్టే సాధనాలు మాత్రమే. వీటిలో రాసిన ప్రతి గడికీ సాక్ష్యం కావాలి. సాక్ష్యం లేకుండా అందంగా గీసిన చేపముల్లు బొమ్మలు ఎన్నో ఫైళ్ళలో ఉన్నాయి. వాటి వల్ల ఒక్క జల్లెడ కూడా నిలబడలేదు.

మన ఉదాహరణలో ముందుకొచ్చిన అనుమానాలు నాలుగు. ఆపరేటర్ ఉండల్ని స్కూపుతో నొక్కి ఉండొచ్చు. కడిగేటప్పుడు నీటి ధార గట్టిగా కొట్టి ఉండొచ్చు. జల్లెడ పాతదై ఉండొచ్చు. బిగింపు సరిగా లేక అదిరి అదిరి తెగి ఉండొచ్చు.

ఆపరేటర్‌తో మాట్లాడే తీరు ఇక్కడ ముఖ్యం. "ఎందుకు చూసుకోలేదు?" అని మొదలుపెడితే అతను తనని కాపాడుకునే జవాబే చెబుతాడు. "మొదటి డ్రమ్ము ఎత్తిన దగ్గర నుంచి ఏమేం చేశావో చెప్పు బాబూ" అంటే పని కళ్ళకి కడుతుంది. మనవాడు చెప్పినదాంట్లో ఒక మాట మిగతావాళ్ళెవరికీ తెలియదు: "నెలన్నర నుంచీ ఈ మిషన్ చప్పుడు మారింది సార్. ఎంత బిగించినా కొంచెం గడగడమంటది." ఆ మాట ఏ రికార్డులోనూ లేదు, రాయడానికి రికార్డులో గడి కూడా లేదు.

జల్లెడ కూడా సాక్ష్యం చెప్పింది. స్కూపుతో నొక్కితే చిరుగు ఎక్కువగా మధ్య భాగంలో వస్తుంది, చుట్టూ వల కిందికి గుంట పడి ఉంటుంది. ఇక్కడ వల సమతలంగానే ఉంది. చిరుగు అంచు వెంబడి, చట్రం దగ్గర వచ్చింది. వల వదులుగా అదిరినప్పుడు ఎక్కువగా వంగేది అక్కడే. ఒక తీగని అటూ ఇటూ వంచుతూ ఉంటే చివరికి తెగే తెగుడు ఇది. జల్లెడ కొత్తదే, ఇది మూడో బ్యాచ్. కాబట్టి వయసు కారణం కాదు. కడిగాక వాష్ ఏరియాలో లైట్‌బాక్స్ మీద పెట్టి చూసినప్పుడు బాగానే ఉంది. కాబట్టి నీటి ధారా కాదు. మిగిలింది బిగింపు.

సిఫ్టర్ విప్పి, చట్రం కింద కూర్చునే సిలికాన్ గ్యాస్కెట్‌ని కొలిచారు. డ్రాయింగ్ ప్రకారం 8 మిల్లీమీటర్లు ఉండాలి. ఉన్నది 5. మెయింటెనెన్స్ పుస్తకం తీస్తే ఏడు వారాల కింద ఒక రాత్రి గ్యాస్కెట్ తెగిపోయి మార్చినట్టు ఉంది. 'అదే సైజుది వేశాం' అని రాసి ఉంది. స్టోర్స్ కంప్యూటర్‌లో ఆ గ్యాస్కెట్‌కి వ్యాసం మాత్రమే ఉంది, మందం లేదు. స్టోర్స్ మనిషి వ్యాసం సరిపోయినదే ఇచ్చాడు, ఫిట్టర్ ఇచ్చినదే వేశాడు. ఇద్దరూ తమ పని సరిగానే చేశారు. క్లాంపు బిగిసినట్టే అనిపిస్తుంది కానీ చట్రానికీ తొట్టికీ మధ్య సందు మిగిలిపోయింది.

ఇక్కడితో ఆపితే అది నమ్మదగిన ఊహ మాత్రమే. దాన్ని రుజువు చెయ్యడానికి సిఫ్టర్‌ని మందు లేని ఉత్త స్టార్చ్‌తో రెండుసార్లు నడిపారు. చట్రం మీదా తొట్టి మీదా కలిపి ఒక మార్కరు గీత గీశారు. 5 మిల్లీమీటర్ల గ్యాస్కెట్‌తో పావుగంటలోనే గీత రెండుగా విడిపోయింది, చట్రం కదిలింది. ఆపరేటర్ చెప్పిన గడగడ కూడా వినిపించింది. 8 మిల్లీమీటర్ల గ్యాస్కెట్‌తో గీత కదలలేదు, చప్పుడు లేదు. కారణాన్ని పెట్టినప్పుడు ఫలితం రావాలి, తీసినప్పుడు పోవాలి. వీలైన ప్రతి విచారణలోనూ ఈ పరీక్ష చెయ్యాలి.

'ఎందుకు' అని అడగడం ఎక్కడ ఆపాలన్నది చాలామంది సందేహం. గ్యాస్కెట్ పలచన అన్న దగ్గర ఆగితే ఆ ఒక్క గ్యాస్కెట్ మారుస్తాం. స్టోర్స్ వివరాల్లో మందం లేదు, బ్రేక్‌డౌన్‌లో మార్చిన భాగాన్ని వాడకానికి ముందు రెండో మనిషి సరిచూసే ఏర్పాటు లేదు అన్న దాకా వెళ్తే, మనం మార్చగలిగిన వ్యవస్థ దొరికింది. అక్కడ ఆపొచ్చు. 'ఆపరేటర్ పొరపాటు, మళ్ళీ శిక్షణ ఇచ్చాం' అని రాసి ఉంటే ఏమయ్యేది? ఆ ఆపరేటర్ ఒక గంట క్లాసులో కూర్చుని సంతకం పెట్టేవాడు. కొత్త జల్లెడ అదే గ్యాస్కెట్ మీద కూర్చునేది. ఇంకొన్ని బ్యాచ్‌ల తర్వాత అదీ చిరిగేది. మనుషులు పొరపాట్లు చేస్తారన్నది నిజమే. కానీ ఆ పొరపాటు ఎందుకంత సులువుగా జరిగింది, ఎందుకు దొరకలేదు అన్న రెండు ప్రశ్నలకి జవాబు లేకుండా మనిషి పేరు దగ్గర ఆగిపోయిన రిపోర్టుని నేను విచారణ అనను.

తర్వాత ఇతర బ్యాచ్‌లు. అమెరికాకి మందు పంపే ప్లాంట్‌లు పాటించాల్సిన నిబంధన ఒకటుంది, వాళ్ళ ఫెడరల్ నిబంధనల్లో 21 CFR 211.192. కారణం తెలియని తేడా వస్తే ఆ బ్యాచ్ అప్పటికే మార్కెట్‌లోకి వెళ్ళిపోయినా సరే పూర్తిగా విచారించాలి, దానితో సంబంధం ఉండే మిగతా బ్యాచ్‌లకీ విచారణని విస్తరించాలి అంటుంది. మన దేశంలో 2023 డిసెంబర్ 28న ప్రకటించిన సవరించిన షెడ్యూల్ ఎం కూడా తేడాల నమోదు, విచారణ, దిద్దుబాటు, నివారణ చర్యల్ని ఫ్యాక్టరీ నాణ్యతా వ్యవస్థలో భాగం చేసింది. ఎగుమతి చేసే పెద్ద కంపెనీలకి ఇది పాత విషయమే. ఊరి మందుల షాపులకి సరఫరా చేసే చిన్న యూనిట్లకి మాత్రం పెద్ద మార్పు.

ఏడు వారాల్లో ఆ సిఫ్టర్ మీద 11 బ్యాచ్‌లు నడిచాయి. కొన్ని బయటికి వెళ్ళిపోయాయి. వాటన్నిటి రికార్డుల్లోనూ జల్లెడ బాగుందనే సంతకాలున్నాయి. ఆ సంతకాల్ని నమ్మొచ్చా? నమ్మకం మీద కాకుండా పరీక్ష మీద తేల్చారు. ఒక పాత జల్లెడలో కావాలని ఒకే ఒక్క తీగ కత్తిరించి, ఆ సంగతి చెప్పకుండా ఆరుగురి చేతికి ఇచ్చారు. గదిలోని ట్యూబ్‌లైటు వెలుగులో ఇద్దరు మాత్రమే పట్టుకున్నారు. లైట్‌బాక్స్ మీద పెడితే ఆరుగురూ పట్టుకున్నారు. అంటే గదిలో చేసే తనిఖీ పెద్ద చిరుగుని చూపిస్తుందే కానీ మొదటి తీగ తెగడాన్ని చూపించదు. ఆ సంతకాలు అబద్ధం కాదు, కానీ వాటి బలం తక్కువ.

అయినా పాత బ్యాచ్‌లని గట్టెక్కించిన ఆధారం ఒకటుంది. ప్రతి బ్యాచ్ తర్వాత జల్లెడని కడిగి లైట్‌బాక్స్ మీద చూసే అలవాటు ఈ ప్లాంట్‌లో ఉంది. ఆ తనిఖీని వేరే విభాగం మనుషులు చేస్తారు. ఆ 11 బ్యాచ్‌లలోనూ వాడిన జల్లెడలన్నిటినీ బయటికి తీసి మళ్ళీ లైట్‌బాక్స్ మీద పెట్టారు. ఒక్క తీగ కూడా పోలేదు. చిరిగిన జల్లెడ కూడా ఆ రాత్రి పని మొదలుకాకముందు అదే పెట్టె మీద బాగున్నట్టు నమోదైంది. కాబట్టి పోయిన రెండు ముక్కలూ ఈ రాత్రి పొడుల్లోనే పడ్డాయి. ఆ పెట్టె లేకపోయి ఉంటే బయటికి వెళ్ళిన మాత్రల గురించి ఈ మాట ధైర్యంగా రాయడానికి వీలుండేది కాదు, వెనక్కి పిలిపించాలా అన్న చర్చ మొదలయ్యేది.

ఇక కాపా. దిద్దుబాటు, నివారణ చర్యల్ని కలిపి ప్లాంట్‌లో అనే మాట ఇది. ఇందులో మూడు వేర్వేరు పనులు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటాయి. ఈ బ్యాచ్‌కి ఏం చేశామన్నది మొదటిది. జల్లెడ తీసేయడం, డ్రమ్ములు ఆపడం అందులోకి వస్తాయి. ఇవి మంటని ఆర్పే పనులు, వీటిని కాపా గడిలో రాసి ముగించకూడదు. దొరికిన కారణం మళ్ళీ రాకుండా చేసేది రెండోది, దిద్దుబాటు చర్య. స్టోర్స్ వివరాల్లో గ్యాస్కెట్ మందం, డ్రాయింగ్ నంబరు చేర్చారు. అర్ధరాత్రి బ్రేక్‌డౌన్ అయినా సరే, పొడికి తగిలే లేదా జల్లెడని పట్టి ఉంచే భాగం ఏది మార్చినా క్యూఏ కొలిచి చూశాకే యంత్రం నడవాలని నియమం పెట్టారు. ఇలాంటి కారణమే ఉండి, ఇంకా ఏ ప్రమాదమూ జరగని చోట ముందే ఆపేది మూడోది, నివారణ చర్య. మిగతా సిఫ్టర్లు, మిల్లులు, డ్రయ్యర్ల గ్యాస్కెట్లన్నిటినీ కొలిస్తే ఇంకో యంత్రంలో కూడా ఒకటి తప్పు మందంతో దొరికింది. అది ఇంకా ఏమీ పాడుచేయలేదు.

దీనికి రెండు మార్పులు జోడించారు. జల్లించే గదిలోనే లైట్‌బాక్స్ పెట్టారు. తనిఖీని మొదటా చివరా మాత్రమే కాకుండా పొడి మారిన ప్రతిసారీ చెయ్యాలన్నారు. ఆ రాత్రి అలా చేసి ఉంటే చిరుగు ఏ డ్రమ్ములో మొదలైందో తెలిసేది, మిగతావి మిగిలేవి. ఆపరేటర్ల రికార్డులో 'చప్పుడులో మార్పు' అని ఒక గడి కూడా చేర్చారు. అన్నిటికన్నా చవకైన మార్పు అదే, నాకు అన్నిటికన్నా నచ్చినదీ అదే.

కాపా పనిచేసిందో లేదో చూడటం చివరి మెట్టు. ఎక్కువ రిపోర్టులు బోల్తా పడేది ఇక్కడే. 'మూడు నెలల్లో జల్లెడ చిరగలేదు కాబట్టి చర్య ఫలించింది' అని రాసేస్తారు. ఏ చర్యా తీసుకోకపోయినా మూడు నెలలు చిరగకుండా ఉండొచ్చు కదా! అరుదుగా జరిగేది జరగకపోవడం దేనికీ రుజువు కాదు. ఓడిపోవడానికి అవకాశం ఉన్న కొలత పెట్టుకోవాలి. ఇక్కడ రెండు పెట్టారు. బ్రేక్‌డౌన్‌లో మార్చిన ప్రతి గ్యాస్కెట్ మందమూ డ్రాయింగ్‌తో సరిపోవాలి, ఒక్కటి తప్పినా చర్య ఫలించనట్టే. నెలకోసారి చెప్పకుండా ఒక తీగ కత్తిరించిన జల్లెడని గదిలోకి పంపాలి, ఆ షిఫ్టు వాళ్ళు దాన్ని పట్టుకోవాలి.

ఇక ఆ రాత్రి పొడుల సంగతి. రెండో ముక్క దొరకలేదు. నాలుగు డ్రమ్ముల్లో ఎందులో ఉందో చెప్పే ఆధారం లేదు. నాలుగిటినీ రిజెక్ట్ చేశారు. 'మెటల్ డిటెక్టర్ దాటించి చూద్దాం' అన్న ప్రతిపాదనని క్యూఏ ఒప్పుకోలేదు, ఎందుకు ఒప్పుకోలేదో రిపోర్టులోనే రాసింది. పోయింది ఇంకా మాత్ర కాని పొడి. మిక్సర్‌లో కలిశాక తెలిసి ఉంటే పోయేది మొత్తం బ్యాచ్. తెలియకుండానే ఉంటే 14 లక్షల మాత్రల్లో ఏదో ఒక బీపీ పేషెంటు చేతికి ఆ తీగ వెళ్ళేది.

ప్లాంట్ నడిపేవాళ్ళకి ఒక మనవి. ఎక్కువ డీవియేషన్లు నమోదైన షిఫ్టుని చెడ్డ షిఫ్టు అని లెక్కగట్టి బోనసు కోయకండి, కాంట్రాక్టు ఆపకండి. అలా చేసిన మర్నాటి నుంచే డీవియేషన్లు తగ్గుతాయి, ఎందుకంటే చెప్పడం ఆగిపోతుంది. రాత్రి ఒకటిన్నరకి వచ్చి "సార్, జల్లెడ చిరిగింది" అన్న మనిషి ఉద్యోగం పదిలంగా ఉందని మిగతా ఆపరేటర్లందరికీ తెలిసేలా చూడండి.